థీసిస్ సిమిలారిటీ రిపోర్టు, దాని వెనకే వచ్చిన ఏఐ శాతం: నా అనుభవం

2024 ఆగస్టులో నా ప్రీ-సబ్మిషన్ సెమినార్ అయింది. థీసిస్ ఆఫీసులో ఇచ్చింది 2025 ఫిబ్రవరి చివర్లో. మధ్యలో పోయిన ఈ ఆరు నెలల్లో కొత్తగా రాసింది చాలా తక్కువ. కాలమంతా రెండు శాతాలకే పోయింది. మొదటిది సిమిలారిటీ శాతం, అంటే మన రాత ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందన్న లెక్క. అది అందరికీ తెలిసిందే. రెండోది ఏఐ శాతం. దాని సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. హన్మకొండలో నాతోపాటు రూముల్లో ఉండి థీసిస్ పూర్తి చేస్తున్న జూనియర్లు ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పని పత్తి రైతుల మీద. ఎనుమాముల, జమ్మికుంట, కేసముద్రం మార్కెట్ యార్డుల్లో రైతు చేతికి నిజంగా ఎంత ధర వస్తోంది, మద్దతు ధరకూ దానికీ తేడా ఎక్కడ పడుతోంది అన్నది విషయం. థీసిస్ ఇంగ్లిష్‌లో రాశాను. పరిశిష్టంలో రైతులను అడిగిన ప్రశ్నావళి తెలుగులో ఉంది.

సెమినార్ అయ్యాక సూపర్‌వైజర్ సంతకంతో ఫారం నింపి, వెయ్యి రూపాయల చలానా కట్టి, సాఫ్ట్ కాపీ లైబ్రరీలో ఇవ్వాలి. సెప్టెంబర్ మొదట్లో ఇచ్చాను. అక్కడి సార్ నన్ను మొదట అడిగింది ఒక్కటే: "ఇది ఇంకెక్కడన్నా చెక్ చేయించినవా అమ్మా?" లేదన్నాను. ఎందుకడిగారో తర్వాత చెప్పారు. బయట ఎవరో తెలిసినవాళ్ల లాగిన్‌తో ట్రయల్‌గా చెక్ చేయించుకుంటే, ఆ సెట్టింగ్‌ను బట్టి ఫైలు సాఫ్ట్‌వేర్ భాండాగారంలో ఉండిపోతుంది. తర్వాత అసలు చెక్‌లో మన థీసిస్ మన థీసిస్‌తోనే కలుస్తుంది. మా సీనియర్ ఒకాయనకు అట్లా తొంభైకి పైన శాతం వచ్చి, అది తన ఫైలేనని నిరూపించి ఆ పాత కాపీని తీయించుకునేసరికి నెలలు పట్టింది.

ఇంకో చిన్న సంగతి. నా తెలుగు ప్రశ్నావళి డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించింది. సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగులా కనిపించదు, అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల వరుసలా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చి తెమ్మన్నారు. ప్రశ్నావళి మొత్తం నేనే మళ్లీ టైపు చేసుకున్నాను.

రిపోర్టు రెండు వారాల తర్వాత వచ్చింది. 36 శాతం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే యూజీసీ 2018 నిబంధనలు మా అందరికీ నోటికి వచ్చు. 10 శాతం దాకా ఏమీ అనరు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. 36 అంటే 40కి ఎంత దగ్గరో అని ఒకటే ఆలోచన. మర్నాడు మా సార్ దగ్గరికి పోతే ఆయన ఆ అంకె వైపు చూడనే లేదు. "ఇది వడపోయని లెక్క. లైబ్రరీకి పోయి ఏమేం తీసేసిన్రో అడుగు" అన్నారు.

ఏమీ తీసేయలేదు. నిబంధనల్లోనే లెక్కలోకి రానివి ఉన్నాయి. మూలం చెప్పి ఉటంకించినవి, రిఫరెన్సులు, బిబ్లియోగ్రఫీ, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పాఠం, ప్రామాణిక సమీకరణాలు, వరుసగా 14 పదాల దాకా యాదృచ్ఛికంగా కలిసే మామూలు మాటలు. బిబ్లియోగ్రఫీ, విషయసూచిక లాంటివి తీసేసేసరికి 36 కాస్తా 29 అయింది. 14 పదాల వడపోత పెట్టగానే 23కు దిగింది. ఒక్క అక్షరం మార్చకుండానే 13 శాతం పోయింది. రిపోర్టు చేతికి రాగానే మొదట అడగాల్సింది ఇదే. అంకె ఎంత అని కాదు, ఏ వడపోతలు పెట్టి తీసిన అంకె అని.

మిగిలిన 23లో పెద్ద ముక్క నా సొంత పేపర్లది. నాలుగో అధ్యాయం నుంచి రెండు పేపర్లు అచ్చయ్యాయి. రిపోర్టులో వాటి వాటా పది శాతం. అవి నావేనని, ఈ థీసిస్ పనిలోంచే వచ్చాయని మా సార్ లేఖ రాసిచ్చారు. లైబ్రరీ సార్ ఆ రెండు మూలాలనూ తీసేశారు. 13కు దిగుతుందనుకుంటే 17 దగ్గర ఆగింది. కారణం తెలిశాక అందరికీ చెప్పాలనిపించింది. సాఫ్ట్‌వేర్ ఒక వాక్యానికి అన్నిటికన్నా ఎక్కువగా కలిసిన మూలాన్నే పైన చూపిస్తుంది. దాన్ని తీసేస్తే దాని కింద దాగి ఉన్న ఇంకో మూలం బయటపడుతుంది. నా పేపర్ పీడీఎఫ్‌ను వేరే సైట్లు కూడా ఎక్కించుకున్నాయి. ఆ కాపీలను ఒక్కొక్కటిగా తెరిచి, అవి నా పేపరేనని చూపించి తీయించేసరికి 13 అయింది. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం నుంచి ఇచ్చిన సెక్షన్ల పాఠం చట్టం కిందికి వస్తుంది కాబట్టి అదీ పోయి 11 మిగిలింది.

ఈలోగా బతుకమ్మ, దసరా సెలవులు వచ్చాయి. లైబ్రరీ తెరిచేదాకా ఆగాలి. ఆ సెలవుల్లోనే మిగిలిన 11 శాతం కూర్చుని చదివాను. చాలా భాగం రెండో అధ్యాయంలో ఉంది. మద్దతు ధర అంటే ఏమిటి, దాన్ని ఏ ఖర్చుల మీద లెక్కగడతారు వంటి నిర్వచనాలు. మూలం పేరు, ఏడాది అన్నీ ఉన్నాయి, కానీ నిర్వచనాన్ని ఎంత తిప్పి రాసినా అది మూలంలాగే ఉంటుంది. మద్దతు ధరను వేరే మాటల్లో చెప్పబోతే అది మద్దతు ధర కాకుండా పోతుంది.

మా దగ్గర యూనివర్సిటీ చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లలో "ప్లేజరిజం తగ్గించబడును" అని కాగితాలు అంటించి ఉంటాయి. పేజీకి అరవై నుంచి వంద రూపాయల దాకా అడుగుతారు. మా బ్యాచ్‌లో ఒకతను రెండు అధ్యాయాలు ఇచ్చాడు. మూడు రోజుల్లో తిరిగొచ్చాయి. సిమిలారిటీ 6 శాతానికి దిగింది. చదివి చూస్తే "మినిమమ్ సపోర్ట్ ప్రైస్" అన్నచోట "లీస్ట్ హెల్ప్ కాస్ట్" అని ఉంది. మార్కెట్ యార్డు బజారు పెరడు అయిపోయింది. ఇది మా ఊరి వింత కాదు. అచ్చయిన సైన్సు పేపర్లలో ఇట్లాంటి వికృత పదబంధాలను పోగుచేసి 2021లోనే గియోమ్ కబనాక్, ఆయన తోటి పరిశోధకులు బయటపెట్టారు. పర్యాయపదాలు మార్చే యంత్రం పోలికను చెరిపేస్తుంది, దాంతోపాటే శాస్త్ర పదాన్ని కూడా. అతను ఆ రెండు అధ్యాయాలు మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాడు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

నాకు మా సార్ చెప్పిన దారి వేరు. "తిప్పి రాయకు. అవసరమైన నిర్వచనం కొటేషన్‌లో పెట్టి పేజీ నంబరు వెయ్యి. అవసరం లేనిది తీసెయ్యి." చూసుకుంటే సగం నిర్వచనాలు నా వాదనకు అక్కరలేనివే. పరీక్షకుడికి మద్దతు ధర అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని లేదు. పద్దెనిమిది పేజీల దాకా కొట్టేశాను. నిజంగా నా మాటల్లో చెప్పాల్సిన చోట మాత్రమే మూలం మూసేసి, గుర్తున్నది రాసి, తర్వాత మూలంతో సరిచూసుకున్నాను. నవంబర్ చివర్లో మళ్లీ చలానా కట్టి రెండో రిపోర్టు తీయించాను. 8 శాతం.

ఇక అయిపోయిందనుకున్నాను. రిపోర్టు కాగితాల చివర ఇంకో పేజీ ఉంది. ఏఐ రాసినట్టు అనిపించే భాగం 38 శాతం అని.

రీసెర్చ్ సెక్షన్‌లో ఫైలు తిరిగి నా చేతికే ఇచ్చారు. ఆ 38 కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. ఎంత లోపు ఉండాలి అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకరు పది అన్నారు, ఇంకొకరు ఇరవై అన్నారు. రాతపూర్వక ఉత్తర్వు చూపించమంటే లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో అంచెలన్నీ సిమిలారిటీకే. అవి వచ్చేనాటికి ఈ ఏఐ రాతల సమస్యే లేదు, కాబట్టి దాని గురించి అందులో ఒక్క మాటా లేదు.

ఆ పేజీని నేను చాలాసార్లు చదివాను. నిజం చెప్పాలంటే నాకు 36 శాతం కన్నా ఇదే ఎక్కువ భయం కలిగించింది. సిమిలారిటీ రిపోర్టులో ప్రతి రంగు గీతకూ ఒక మూలం ఉంటుంది. నొక్కితే తెరుచుకుంటుంది. ఇది నా పేపర్, ఇది చట్టం, ఇది నిర్వచనం అని వేలు పెట్టి చూపించి వాదించవచ్చు. ఏఐ రిపోర్టులో నీలం రంగు తప్ప ఏమీ లేదు. ఎక్కడి నుంచి తెచ్చినట్టు? ఎవరి రాత? దానికి మూలం ఉండదు, ఎందుకంటే అది దేనితోనూ పోల్చదు. వాక్యాలను ముక్కలుగా తీసుకుని, ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చో లెక్కేసి, యంత్రం రాత ఇట్లాగే ఉంటుంది అని ఒక అంచనా ఇస్తుంది. అది సంభావ్యత మాత్రమే. కానీ పక్కనే శాతం గుర్తు ఉండడంతో ఆఫీసులో రెండు అంకెలనూ ఒకే రకంగా చూస్తున్నారు.

నీలం రంగు ఎక్కడెక్కడ పడిందో చూస్తే విషయం ఇంకా తెలిసింది. మూడో అధ్యాయం, అంటే పరిశోధనా పద్ధతి, దాదాపు మొత్తం నీలమే. అయిదో అధ్యాయంలో పట్టికల కింద రాసిన వివరణలు కూడా. రైతుల మాటలు ఉన్న నాలుగో అధ్యాయం మాత్రం తెల్లగా ఉంది. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే అసలు కొనదు, అందుకని మంచు పడ్డ రోజు బండి వెనక్కి తిప్పుకుపోవడమా, ప్రైవేటు వ్యాపారికి ఇచ్చేయడమా అని జమ్మికుంటలో ఒక రైతు పడిన తంటా ఏ యంత్రమూ ఊహించేది కాదు. అదే పద్ధతి అధ్యాయంలో "ద ప్రైమరీ డేటా వర్ కలెక్టెడ్ త్రూ ఎ స్ట్రక్చర్డ్ షెడ్యూల్" అన్న వాక్యాన్ని ఈ రంగంలో అందరం అట్లాగే రాస్తాం. ఎంఫిల్ నుంచి మాకు నేర్పింది కూడా అదే. పైగా సెలవుల్లో సిమిలారిటీ కోసం నేను చేత్తో సరళంగా తిరగరాసిన రెండో అధ్యాయం పేరాల్లో కూడా కొన్ని నీలంగా మారాయి. ఒక అంకె తగ్గించడానికి వాక్యాన్ని సాఫుగా చేస్తే రెండో అంకె పెరుగుతోంది. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్‌లో తప్పు లేకుండా ఉంటే చాలనుకుని చిన్న చిన్న సమ వాక్యాలు రాసేవాళ్లందరికీ ఇది తప్పని చిక్కు.

చదవగా తెలిసిందేమంటే, 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు ఏఐ డిటెక్టర్లను 91 టోఫెల్ వ్యాసాల మీద పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు స్వయంగా రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని ఆ డిటెక్టర్లు యంత్రం రాతగా పొరబడ్డాయి. అదే ఏడాది జులైలో ఓపెన్‌ఏఐ కంపెనీ తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువగా ఉందని ఉపసంహరించుకుంది. ఆ వ్యాసాలు చిన్నవి, ఆ డిటెక్టర్లూ అప్పటివి. ఆ అంకెను తెచ్చి నా థీసిస్‌కు నేరుగా అంటగట్టలేను. అయినా ఆ కాగితాలు ఫైల్లో పెట్టాను.

ఇక్కడ కూడా దుకాణాల వాళ్లు తయారుగా ఉన్నారు. యంత్రం రాతగా పట్టుబడకుండా "హ్యూమనైజ్" చేసిస్తాం అంటారు. నేను చూద్దామని కూడా ఇవ్వలేదు. పద్ధతి అధ్యాయంలో "స్ట్రాటిఫైడ్", "పర్పసివ్" వంటి మాటలు ఒక్కటి మారినా నేను రైతులను ఎట్లా ఎంచుకున్నానన్నదే అబద్ధమవుతుంది. మా సార్ కూడా అదే మాట అన్నారు: "మూడో అధ్యాయం ముట్టుకోకు. నువ్వు రాసినవని చూపిద్దాం."

చూపించడానికి ఏం కావాలో ఆయన ఒక కాగితం మీద రాసిచ్చారు. వర్డ్ ఫైళ్ల పాత రూపాలు తేదీలతో, ఆన్‌లైన్ డాక్యుమెంట్లలో ఉండే మార్పుల చరిత్ర, ఆయన ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రింటు కాపీలు, యార్డుల్లో నేను తెలుగులో రాసుకున్న ఫీల్డ్ నోటు పుస్తకాలు. నా అదృష్టం కొద్దీ దిద్దిన ప్రింట్లు ఏవీ పారేయలేదు. మూడో అధ్యాయం మొదటి ప్రతి 2021 నాటిది. అందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ ఏఐ చాట్ పరికరాలు 2022 నవంబర్ తర్వాతివి. ఆ ఒక్క తేదీ చాలా పని చేసింది. మార్పుల చరిత్రను తెర మీద చూపించడమే కాక స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు కూడా పెట్టాను. వీటన్నిటి జిరాక్సులకు, బైండింగ్‌కు పద్దెనిమిది వందల దాకా అయింది.

సంక్రాంతి అయ్యాక జనవరిలో డిపార్ట్‌మెంట్ అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్ కూర్చుంది. నిబంధనల ప్రకారం అందులో ముగ్గురు ఉంటారు. హెచ్‌ఓడీ అధ్యక్షులు, బయటి డిపార్ట్‌మెంట్ నుంచి ఒక సీనియర్ ఆచార్యులు, ఈ సాఫ్ట్‌వేర్లు తెలిసినవారు ఒకరు. ఫిర్యాదు వస్తే 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలని ఉంది. నాది ఫిర్యాదు కాదు కాబట్టి ఆ గడువు వర్తిస్తుందో లేదో కూడా ఎవరూ తేల్చలేదు. రోజూ ఆఫీసు ముందు నిలబడి కనుక్కోవడమే.

లోపల గంటకు పైగా అడిగారు. మొదటి ప్రశ్న: కేసముద్రం నుంచి తక్కువ మంది రైతులను ఎందుకు తీసుకున్నావు? అక్కడి రైతులు చాలామంది ఊళ్లోనే మధ్య దళారికి అమ్మేసి యార్డుకు రారని, వచ్చినవాళ్లనే తీసుకుంటే లెక్క ఒకవైపుకు మొగ్గుతుందని, అందుకని ఊళ్లకు పోయి కొందరిని కలిశానని చెప్పాను. ఆ ఊళ్ల పేర్లు అడిగి నోటు పుస్తకంలో చూసుకున్నారు. తర్వాత రెండో అధ్యాయంలోంచి అయిదు రిఫరెన్సులు వాళ్లే ఎంచి, వాటి అసలు కాపీలు మర్నాటికి తెమ్మన్నారు. ఎందుకో బయటి ఆచార్యులు చెప్పారు. యంత్రం రాసిన సాహిత్య సమీక్షకు సిమిలారిటీ రెండు, మూడు శాతమే వస్తుందట. పోలిక దొరకదు. కానీ అందులో అసలు లోకంలోనే లేని పేపర్లకు కూడా పేరు, సంపుటి, పేజీలతో సహా రిఫరెన్సులు పుట్టుకొస్తాయి. "శాతం చూసి పట్టుకోలేం, రిఫరెన్సు తెరిస్తే దొరుకుతుంది" అన్నారు. నావి అయిదూ తెచ్చి చూపించాను. రెండు పాత పుస్తకాలవి, లైబ్రరీ ముద్రతో ఉన్న జిరాక్సులు.

మూడో సభ్యులు ఒక మాట అన్నారు, అది నాకు న్యాయంగానే తోచింది. "నిన్ను నమ్మితే రేపు యంత్రంతో రాయించుకున్నవాళ్లు కూడా పాత తేదీల ఫైళ్లు తెస్తరు. అప్పుడేం చేద్దాం?" నిజమే, ఫైలు తేదీ మార్చడం కష్టం కాదు. చేత్తో దిద్దిన కాగితం, యార్డులో రాసిన నోటు, ఎదురుగా కూర్చుని చెప్పే జవాబు మాత్రం అంత తేలిగ్గా తయారుకావు. ఏఐ సూచికను బట్టి ప్రశ్నలు అడగండి, అంకెను బట్టి ఫైలు తిప్పి పంపకండి అని నేను రాసిచ్చిన వివరణలో చివరగా కోరాను. నేనిప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. యంత్రంతో రాయించుకుని వచ్చినవాళ్లు ఆ గదిలో పది నిమిషాలు నిలబడలేరు. ఐదేళ్లు యార్డుల్లో తిరిగినవాళ్లు రోజంతా చెప్పగలరు.

పది రోజులకు తీర్మానం కాపీ చేతికొచ్చింది. సిమిలారిటీ 8 శాతం, ఏఐ సూచిక పరిశీలించాం, చిత్తుప్రతులు, క్షేత్ర నోట్సు, మౌఖిక వివరణ సంతృప్తికరం అని మూడు పంక్తులు. ఆ కాగితం, నా ప్రమాణపత్రం, సార్ సర్టిఫికెట్, రెండో రిపోర్టు, సొంత పేపర్ల లేఖ అన్నీ కలిపి రీసెర్చ్ సెక్షన్‌లో ఇస్తే ఈసారి తీసుకున్నారు. ఫైలు ఇప్పుడు పరీక్షకుల దగ్గర ఉంది.

వైవా అయ్యాక థీసిస్ దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేట్టు ఉంచే శోధ్‌గంగలోకి పోతుంది. అయిదో అధ్యాయం నుంచి ఇంకో పేపర్ రాయాలని ఉంది. అప్పుడు పత్రిక వాళ్ల సిమిలారిటీ చెక్‌లో నా థీసిస్సే మూలంగా తేలుతుంది. అందుకని పేపర్ మొదటి పేజీలోనే ఇది ఫలానా థీసిస్ నుంచి తీసింది అని ఫుట్‌నోట్ పెట్టి, పత్రికకు పంపే ముందు ఆ సంగతి సంపాదకుడికి ఉత్తరంలో కూడా రాయమని లైబ్రరీ సార్ చెప్పారు. ఆ ఉత్తరం చిత్తుప్రతి ఇప్పుడే రాసి, తేదీ వేసి పెట్టుకున్నాను.